నాలుగు ఓర్క్‌లా, ఒక్క ఓగరా?

బల్ల చుట్టూ నలుగురు కూర్చుంటారు. ఒకరు కత్తీ డాలూ పట్టిన ఫైటర్, ఒకరు గాయాలు మాన్పే క్లెరిక్, ఒకరు చాటు నుంచి బాణం వేసే రోగ్, ఇంకొకరు మంత్రాలు నేర్చిన విజర్డ్. ఐదో మనిషి గేమ్ మాస్టర్. కథలోని అడవి, అందులోని ఊరు, ఊరి మీద పడే రాక్షసులు అన్నీ అతని బాధ్యతే. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఇలాంటి ఆటలకు మొదటిది. ఇక్కడ నేను చెప్పేదంతా ఆ ఆట ఐదో ఎడిషన్ గురించి, అందులోనూ 2014లో వచ్చిన నియమాల గురించి. వాటి ముఖ్య భాగాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. కాబట్టి పుస్తకం కొనకపోయినా ఈ అంకెల్లో చాలావాటిని ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.

కొత్తగా గేమ్ మాస్టర్ అయినవాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా వేధించే ప్రశ్న ఒకటుంది. ఈ పోరు నా ఆటగాళ్లకు ఎంత కష్టం? మరీ తేలికైతే ఆవలింతలు వస్తాయి. మరీ బరువైతే, ఒకరు వారాల తరబడి పెంచుకున్న పాత్ర అరగంటలో చచ్చిపోతుంది. నియమాల పుస్తకం దీనికి ప్రతి జీవికీ ఒక చాలెంజ్ రేటింగ్, దాన్నిబట్టి కొన్ని అనుభవ పాయింట్లు ఇచ్చి, పట్టిక చూసుకోమంటుంది. పట్టిక పనికొస్తుంది. కానీ అది జవాబు చెప్పి ఊరుకుంటుంది, కారణం చెప్పదు. కారణం తెలియనివాడు బల్ల దగ్గర లెక్క తప్పినప్పుడు ఏం సర్దాలో తేల్చుకోలేడు. అందుకే కాగితం మీద చేత్తో వేసే లెక్క ఒకటి నేర్చుకోమంటాను. జట్టు దగ్గర ఎంత ఉంది, శత్రువు రౌండుకు ఎంత లాక్కుంటాడు, ఎన్ని రౌండ్లు లాక్కుంటాడు అన్నదే ఆ లెక్కంతా.

ఒక జట్టును తీసుకుందాం. నలుగురూ రెండో లెవెల్‌లో ఉన్నారు. ఫైటర్‌కు 20 హిట్ పాయింట్లు, క్లెరిక్‌కు 17, రోగ్‌కు 17, విజర్డ్‌కు 14. మొత్తం 68. హిట్ పాయింట్లంటే దెబ్బలు ఓర్చుకునే శక్తి. అవి సున్నా అయితే పాత్ర స్పృహ తప్పి పడిపోతుంది. దెబ్బ తగలకుండా కాచేది ఆర్మర్ క్లాస్. ఇనుప కవచమూ డాలూ ఉన్న ఫైటర్‌కు, క్లెరిక్‌కు అది 18. తోలు కవచం వేసుకున్న రోగ్‌కు 14. ఏ కవచమూ లేని విజర్డ్‌కు 12.

ఇప్పుడు వాళ్లకు ఎదురుగా ఎవరిని నిలబెట్టాలి? గేమ్ మాస్టర్ మనసులో రెండు ఆలోచనలున్నాయి. ఒకటి, దుడ్డుకర్ర పట్టుకున్న ఒక ఓగర్. దానికి 59 హిట్ పాయింట్లు. రెండోది, గొడ్డళ్లు పట్టుకున్న నలుగురు ఓర్క్‌లు. ఒక్కొక్కడికి 15 చొప్పున 60. పడగొట్టాల్సిన మాంసం రెండు చోట్లా దాదాపు సమానమే. అయినా ఈ రెండు పోరాటాలకూ పోలికే లేదు. ఎందుకో అంకెలే చెబుతాయి.

ముందుగా ఒక దెబ్బ తగిలే అవకాశం చూడాలి. ఈ ఆటలో దాడి చేసేవాడు 20 ముఖాల పాచిక వేసి, దానికి తన దాడి బోనస్ కలుపుతాడు. వచ్చింది ఎదుటివాడి ఆర్మర్ క్లాస్‌కు సమానమైనా, మించినా దెబ్బ తగిలినట్టే. దీన్ని లెక్కగా మార్చడం సులువు. 21కి దాడి బోనస్ కలిపి, అందులోంచి ఆర్మర్ క్లాస్ తీసేసి, మిగిలినదాన్ని అయిదుతో గుణిస్తే శాతం వస్తుంది. ఓర్క్ బోనస్ 5. ఫైటర్ మీద దాడి చేస్తే 21కి 5 కలిపి 18 తీసేయాలి, మిగిలేది 8, అంటే 40 శాతం. విజర్డ్ మీదైతే మిగిలేది 14, అంటే 70 శాతం. రోగ్ మీద 60 శాతం.

తగిలితే ఎంత నష్టం? ఓర్క్ గొడ్డలి దెబ్బకు 12 ముఖాల పాచిక ఒకటి వేసి 3 కలుపుతారు. సగటున 9.5. దీన్ని తగిలే శాతంతో గుణిస్తే ఒక్కో ఓర్క్ ఒక్కో రౌండులో సగటున తీసే నష్టం తెలుస్తుంది. కవచమున్న ఇద్దరి మీదా 3.8 చొప్పున, రోగ్ మీద 5.7, విజర్డ్ మీద దాదాపు 6.7. నలుగురు ఓర్క్‌లూ నలుగురి మీదా పడ్డారనుకుంటే మొత్తం 20. తలకు 5 అని గుర్తుపెట్టుకుంటే చాలు, దశాంశాలతో పని లేదు.

ఇక రెండో వైపు. మన జట్టు రౌండుకు ఎంత నష్టం చేస్తుంది? ఓర్క్ ఆర్మర్ క్లాస్ 13. ఫైటర్ కత్తి తగిలితే సగటున 9.5, రోగ్ చాటు దెబ్బ కలిసిన బాణం 10, విజర్డ్ విసిరే నిప్పు 5.5. ఈ ముగ్గురి దాడీ తగిలే అవకాశం 65 శాతం. క్లెరిక్ దివ్యజ్వాల తగిలితే 4.5, కానీ ఓర్క్ దాన్ని తప్పించుకోవడానికి తనే పాచిక వేసుకుంటాడు, అవకాశం 55 శాతం. అన్నీ కూడితే దాదాపు 19 వస్తుంది. ఓర్క్‌కు ఉన్నది 15. అంటే నలుగురూ ఒకే ఓర్క్ మీద గురిపెడితే రౌండుకు ఒకడు పడతాడు. మిగిలిన కాస్త నష్టం చచ్చినవాడి మీదే వృథా అవుతుంది కాబట్టి రౌండుకు ఇద్దరు పడతారని ఆశపడకూడదు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. మొదటి రౌండులో నలుగురు ఓర్క్‌లు కొడతారు, 20 పోతుంది. ఒకడు పడ్డాడు కాబట్టి రెండో రౌండులో ముగ్గురు కొడతారు, 15. తర్వాత ఇద్దరు, 10. చివరికి ఒకడు, 5. మొత్తం 50. జట్టు దగ్గరున్నది 68. నలుగురూ గెలిచి బయటపడతారు గానీ, మూడు వంతుల ప్రాణం అక్కడే పోతుంది. దెబ్బలు సమంగా పంచుకు పడవు కాబట్టి కనీసం ఒకరైనా నేలకూలతారు.

ఒక ఓర్క్‌ను తగ్గించి చూడండి. 15, 10, 5 కలిసి 30. శత్రువుల్లో నాలుగో వంతు తగ్గించాం, నష్టం మాత్రం 50 నుంచి 30కి, అంటే అయిదింట రెండు వంతులు తగ్గింది. ఒకణ్ణి పెంచి చూస్తే 25తో మొదలై 75కి చేరుతుంది. జట్టు దగ్గర ఉన్నదే 68. నాలుగు ఓర్క్‌ల పోరు కష్టమైనది, అయిదు ఓర్క్‌ల పోరు జట్టును తుడిచిపెట్టేది. మధ్యలో ఉన్న తేడా ఒక్క ఓర్క్. కొత్త గేమ్ మాస్టర్లకు ఈ అనుభవం చాలా మామూలు. పోయిన వారం ముగ్గురిని తేలిగ్గా కొట్టేశారు కదా అని ఈ వారం అయిదుగురిని పెడతారు. రెట్టింపు కూడా కాదనుకుంటారు. 30 నుంచి 75కి వెళ్లామని వాళ్లకు తెలియదు. ఒకరి వెనుక ఒకరు పడే శత్రువుల విషయంలో నష్టం వాళ్ల సంఖ్యతో పాటు సమంగా పెరగదు, మెట్ల మీద మెట్లు పేర్చినట్టు పెరుగుతుంది.

ఓగర్ విషయం చూద్దాం. దాని దాడి బోనస్ 6. దుడ్డుకర్రకు ఎనిమిది ముఖాల పాచికలు రెండు వేసి 4 కలుపుతారు, సగటు 13. నలుగురిలో ఎవరినైనా కొట్టవచ్చు అనుకుంటే రౌండుకు సగటున ఏడున్నర నష్టం. ఓగర్ ఆర్మర్ క్లాస్ 11 మాత్రమే, జట్టు దాన్ని సులువుగా కొట్టగలదు, రౌండుకు 21 పైచిలుకు. అంటే మూడు రౌండ్లలో అది పడిపోతుంది. మొత్తం నష్టం 22 లేదా 23. నాలుగు ఓర్క్‌లు చేసిన దానిలో సగం కూడా లేదు. చూడటానికి భయంకరంగా ఉన్న ఒక్క పెద్ద శత్రువు, నలుగురు మామూలు శత్రువుల కన్నా చాలా తేలిక. ఒకే ఒక్క జీవికి రౌండుకు ఒకే వంతు వస్తుంది. దాని మీద నలుగురి వంతులు పడతాయి.

అలాగని ఓగర్‌ను తక్కువగా చూడలేం. సగటు చెప్పని సంగతి ఒకటుంది. విజర్డ్‌కు ఉన్నవి 14 హిట్ పాయింట్లు. ఓగర్ దెబ్బ తగిలితే 14 లేదా అంతకన్నా ఎక్కువ రావడానికి 44 శాతం అవకాశం ఉంది. తగిలే అవకాశం 75 శాతం. రెండూ కలిపితే విజర్డ్ మీద ఓగర్ కర్ర ఎత్తిన ప్రతి మూడుసార్లలో ఒకసారి, పూర్తి ఆరోగ్యంతో ఉన్న విజర్డ్ ఒక్క దెబ్బకే పడిపోతాడు. అందుకే మొత్తం నష్టం లెక్క వేశాక ఇంకో చిన్న లెక్క తప్పకుండా వేయాలి. శత్రువు ఒక్క దెబ్బ, జట్టులో అందరికన్నా బలహీనుడి హిట్ పాయింట్లు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి లెవెల్ జట్టు విషయంలో ఇది మరీ ముఖ్యం. ఈ విజర్డే మొదటి లెవెల్‌లో ఉంటే అతనికి 8 హిట్ పాయింట్లు. సున్నాకు చేరాక మిగిలిన నష్టం అతని గరిష్ఠ హిట్ పాయింట్లకు సమానమైనా, మించినా, నియమం ప్రకారం అప్పటికప్పుడే మరణం. బతికించే పాచికలు వేసే అవకాశం కూడా ఉండదు. ఓగర్ దెబ్బ 16 లేదా అంతకన్నా ఎక్కువైతే అదే జరుగుతుంది, తగిలిన దెబ్బల్లో దాదాపు నాలుగింట ఒకటి అలాంటిదే. మొదటి లెవెల్ పాత్రల ముందు ఓగర్‌ను పెట్టకూడదని నేను గట్టిగా చెబుతాను. పెట్టినా కర్ర విజర్డ్ వైపు తిప్పకూడదు.

పుస్తకం పట్టిక ఏమంటుందో ఇప్పుడు చూస్తే దాని వెనుక తర్కం కనిపిస్తుంది. 2014 నియమాల్లో ఓగర్ విలువ 450 పాయింట్లు. ఈ నలుగురి జట్టుకు మధ్యస్థ పోరు 400 దగ్గర, కఠినమైనది 600 దగ్గర, ప్రాణాంతకం 800 దగ్గర మొదలవుతాయి. ఓగర్ మధ్యస్థం. నలుగురు ఓర్క్‌లు 100 చొప్పున 400. అయితే శత్రువులు ముగ్గురి నుంచి ఆరుగురి దాకా ఉంటే ఆ మొత్తాన్ని రెండింతలు చేయమంటుంది పుస్తకం. 800, అంటే ప్రాణాంతకం. మనం చేత్తో కట్టిన మెట్లనే ఆ రెండింతలు సూచిస్తోంది. 2024లో వచ్చిన కొత్త గైడ్ ఈ హెచ్చవేతను తీసేసింది. దాని పట్టిక ప్రకారం ఇదే 400 పాయింట్లు రెండో లెవెల్ నలుగురికి తక్కువ కష్టం కింద వస్తాయి. కొత్త నియమాల్లో పాత్రలూ బలపడ్డాయి, జీవులూ మారాయి, కాబట్టి రెండిటినీ నేరుగా పోల్చి ఒకటి తప్పనడం న్యాయం కాదు. కానీ ఒకే అంకె ఒక పుస్తకంలో ప్రాణాంతకం, ఇంకో పుస్తకంలో తేలిక అయినప్పుడు, మీ బల్ల దగ్గరున్న నలుగురితో లెక్క వేసుకోవడమే నమ్మకమైన దారి.

ఇప్పటిదాకా జట్టు దగ్గర ఉన్నది 68 హిట్ పాయింట్లే అన్నట్టు మాట్లాడాం. నిజానికి వాళ్ల సంచిలో ఇంకా ఉంది. క్లెరిక్‌కు, విజర్డ్‌కు మూడేసి స్పెల్ స్లాట్లు ఉన్నాయి. వాడితే అయిపోయే మంత్రాలవి, మామూలుగా రాత్రి నిద్ర తర్వాతే తిరిగొస్తాయి. ఫైటర్ ఒకసారి ఊపిరి పీల్చుకుని కొంత కోలుకోగలడు, ఒకసారి అదనంగా కొట్టగలడు. వీటికి విలువ కట్టడంలో చాలామంది పొరపడతారు. క్లెరిక్ గాయం మాన్పితే సగటున 7.5 తిరిగొస్తాయి, కాబట్టి మూడు స్లాట్లకు 22 కలుపుకుంటే సరిపోతుందనుకుంటారు. కానీ ఆ రౌండులో క్లెరిక్ చేసే దాడి ఆగిపోతుంది. పైగా స్లాటుకు అంతకన్నా మంచి వాడకం ఉంది.

మొదటి రౌండులోనే విజర్డ్ నిద్ర మంత్రం వేశాడనుకుందాం. ఆ మంత్రం సగటున 22 హిట్ పాయింట్ల మేర జీవులను నిద్రపుచ్చుతుంది, అంటే ఒక ఓర్క్‌ను. విజర్డ్ నిప్పు లేకపోయినా మిగతా ముగ్గురు కలిసి రౌండుకు 15 చేస్తారు, అంటే ఇంకో ఓర్క్ పడతాడు. రెండో రౌండులో కొట్టేవాళ్లు ముగ్గురు కాదు, ఇద్దరే. నష్టం 20, 10, 5 కలిసి 35. ఒక్క స్లాటు 15 హిట్ పాయింట్లు కాపాడింది. గాయం మాన్పే స్లాటు కాపాడేదానికి ఇది రెట్టింపు. మొదటి రౌండులో శత్రువు వంతును తీసేసే మంత్రం, తర్వాత చేసే ఏ వైద్యం కన్నా విలువైనది. అయితే మీ విజర్డ్ ఆటగాడు అలా వాడతాడా అన్నది మీరే చూసి తెలుసుకోవాలి. ముగింపులో పెద్ద శత్రువు కోసమని స్లాట్లన్నీ దాచుకునే ఆటగాళ్లున్న జట్టుకు వాటిని లెక్కలో కలపకపోవడం మంచిది.

ముందు ఎవరు కదులుతారన్నది కూడా ఇలాంటిదే. ఓర్క్‌లు ముందు కదిలితే నష్టం 50 అన్నాం. జట్టు ముందు కదిలితే మొదటి దెబ్బకే ఒక ఓర్క్ పోతాడు, నష్టం 15, 10, 5 కలిసి 30. పాచికలు ఎవరికి ముందు వంతు ఇస్తాయో మనకు తెలియదు కాబట్టి 40 అనుకోవడం సబబు. కానీ ఓర్క్‌లు పొంచి ఉండి మీద పడే సన్నివేశం రాస్తుంటే, జట్టు మొదటి రౌండంతా చేతులు కట్టుకుని చూడాల్సి రావచ్చు. పొంచి ఉన్న శత్రువులు ఒకరు ఎక్కువ ఉన్నట్టే లెక్క.

ఈ లెక్క కాగితం మీద సరిగ్గా ఉండి బల్ల దగ్గర తప్పడానికి అన్నిటికన్నా పెద్ద కారణం ఆటగాళ్లు గురిని పంచుకోవడం. మనం నలుగురూ ఒకే ఓర్క్‌ను కొడతారనుకున్నాం. కొత్త ఆటగాళ్లు అలా చేయరు. ఎవరి ముందున్నవాణ్ణి వాళ్లు కొడతారు. అప్పుడు 19 నష్టం నలుగురి మీద పలచగా పరుచుకుంటుంది. మూడో రౌండు దాకా ఒక్క ఓర్క్ కూడా పడకపోవచ్చు. రౌండుకు 20 చొప్పున 60 అప్పటికే పోయాయి. ఇంతలో విజర్డూ రోగూ పడిపోతే జట్టు చేసే నష్టం సగానికి దిగిపోతుంది. ఆ ఇద్దరూ లేకుండా ఫైటర్, క్లెరిక్ కలిసి చేసేది రౌండుకు 9 కన్నా తక్కువే. ఒక్క ఓర్క్‌ను పడగొట్టడానికి రెండు రౌండ్లు పడుతుంది. అక్కణ్ణుంచి పోరు చేజారిపోవడం చాలా వేగంగా జరుగుతుంది.

దీన్ని ముందే పసిగట్టే మార్గం మొదటి రౌండు ముగింపు. అప్పుడు రెండు అంకెలు చూసుకోండి. 20 పోవాలి, ఒకడు పడాలి. 25 పోయినా కంగారు లేదు, పాచికల్లో అంత ఊగిసలాట మామూలే. కానీ 30 పోయి, ఒక్క ఓర్క్ కూడా పడకపోతే ఇది మీరు రాసుకున్న పోరు కాదు. ఆ క్షణంలో ఓర్క్‌ల హిట్ పాయింట్లు రహస్యంగా తగ్గించేవాళ్లున్నారు. నాకది నచ్చదు. ఆటగాళ్లు తమ ఎంపికల వల్ల గెలిచామో, మాస్టర్ దయ వల్ల గెలిచామో తెలియని గెలుపు వాళ్లకు అక్కరకు రాదు. దానికి బదులు పోరు రాసేటప్పుడే తలుపులు పెట్టుకోవాలి. వీళ్ల నాయకుడు పడితే మిగతావాళ్లు పారిపోతారు. లేదా వీళ్లకు కావలసింది ప్రాణాలు కాదు, బండిలోని ధాన్యం, అది దొరికితే పోతారు. లేదా నాలుగో ఓర్క్ కొండ మీద కాపలా ఉన్నాడు, మూడో రౌండుకు గానీ చేరడు. ఈ చివరిది నాకు ఎక్కువ ఇష్టం. ఆ ఓర్క్ మొదటి రెండు రౌండ్లలో కొట్టడు కాబట్టి 50లోంచి 10 తగ్గుతాయి. పోరు తేలికగా సాగుతుంటే అతన్ని ముందే దింపవచ్చు. అతను కథలో ముందు నుంచీ ఉన్నాడు, ఆటగాళ్లు అడిగితే కొండ మీద నీడ కనిపించిందని చెప్పి ఉంటారు కూడా.

ఈ లెక్కకు అందని శత్రువులూ ఉన్నారు. షాడో అనే జీవి దెబ్బ తగిలితే హిట్ పాయింట్లతో పాటు బలం కూడా నాలుగు ముఖాల పాచిక పడినంత తగ్గుతుంది. బలం సున్నా అయితే మరణమే. మన విజర్డ్ బలం 8 అనుకుంటే మూడు నాలుగు దెబ్బలతో, మధ్యలో గాయాలు మాన్పి హిట్ పాయింట్లు నిలబెట్టినా చచ్చిపోగలడు. అలాంటివాటికి నష్టం లెక్క పక్కన పెట్టి, ఎన్ని దెబ్బలకు మరణం అన్నదే లెక్కపెట్టాలి. పక్షవాతం తెచ్చే ఘూల్ లాంటివాటి విషయంలో ఒకరి వంతు పోతే జట్టు నష్టం ఎంత తగ్గుతుందో చూడాలి. మన జట్టులో రోగ్ కదలలేకపోతే 19లో మూడో వంతు పోయినట్టే.

చివరగా రోజు సంగతి. 68 అన్నది పొద్దున లేచినప్పటి అంకె. 2014 గైడ్ ఒక రోజులో ఆరు నుంచి ఎనిమిది దాకా మధ్యస్థ, కఠిన పోరాటాలనూ, మధ్యలో రెండు చిన్న విరామాలనూ ఊహించుకుని తన పట్టికలు కట్టింది. చాలా బల్లల దగ్గర ఒక సాయంత్రానికి ఒకటో రెండో పోరాటాలే జరుగుతాయి. స్లాట్లన్నీ ఆ ఒక్క పోరులో కుమ్మరిస్తారు కాబట్టి ప్రాణాంతకం అని రాసినది కూడా సాఫీగా గడిచిపోతుంది. తలకిందులుగా, మూడో పోరాటానికి జట్టు దగ్గర 40 హిట్ పాయింట్లు, ఒకే ఒక్క స్లాటు మిగిలి ఉంటే, పొద్దున గట్టెక్కిన ఆ నలుగురు ఓర్క్‌లే సాయంత్రం జట్టును తుడిచేస్తారు. కాబట్టి పోరు మొదలుపెట్టే ముందు ఆటగాళ్లను మామూలుగానే అడగండి, ఎవరికి ఎన్ని హిట్ పాయింట్లున్నాయి, ఎన్ని స్లాట్లున్నాయి అని. 40కి తక్కువ వచ్చిందా, మూడో ఓర్క్ దగ్గరే ఆపండి. స్లాట్లేవీ లేవన్నారా, ఇద్దరు చాలు. ఇద్దరు ఓర్క్‌ల నష్టం 10, 5 కలిసి 15.